గ్రహణం పట్టిన చట్టం

1947లో సెంట్రల్ ప్రావిన్సెస్-బేరార్ ప్రభుత్వం మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, బస్సుల వ్యాపారం మొత్తాన్ని తన చేతుల్లోకి తీసుకునే అధికారం తెచ్చుకుంది. అప్పటికి ప్రాథమిక హక్కులు లేవు గనుక ఆ చట్టం చెల్లింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చి, 19వ అధికరణం పౌరులకు వ్యాపార స్వేచ్ఛ ఇచ్చింది. హక్కులకు అడ్డొచ్చే పాత చట్టాలు అంతమేరకు చెల్లవని 13వ అధికరణం చెప్పింది. అయితే 1951 జూన్‌లో మొదటి సవరణ వచ్చి, ప్రభుత్వం ఏ వ్యాపారాన్నైనా తానే నడుపుకోవచ్చంది.

ఆ పాత చట్టాన్ని ప్రభుత్వం మళ్లీ ప్రయోగించబోతే భికాజీ నారాయణ్ ధాక్రాస్, మరికొందరు బస్సు యజమానులు సుప్రీంకోర్టుకెక్కారు. 1950లోనే చచ్చిన చట్టాన్ని సవరణ ఎలా బతికిస్తుందన్నది వారి వాదన. చట్టం చావలేదని 1955లో కోర్టు తేల్చింది. హక్కుల నీడలో అది నిద్రాణంగా ఉంది. రాజ్యాంగానికి ముందు జరిగినవాటికీ, 19వ అధికరణం రక్షణ లేని విదేశీయులకూ అది వర్తిస్తూనే ఉంది. సవరణతో నీడ తొలగింది, చట్టం పౌరులపైనా పనిచేసింది. పిటిషన్లు వీగిపోయాయి. ఆ యజమానుల బాధ నాకు అర్థమవుతుంది, కానీ తర్కం కోర్టు వైపే ఉంది.

రాజ్యాంగం వచ్చాక హక్కులను కాలరాస్తూ చేసిన చట్టానికి ఈ వెసులుబాటు లేదు. అది పుట్టుకతోనే చెల్లదని 1959లో దీప్‌చంద్ కేసు చెప్పింది.

ముసుగు చట్టం సంగతి వేరు. లేని అధికారాన్ని ఉన్నట్టు చూపి చేసే చట్టమది. పర్లాకిమిడి గజపతి 1953లో ఒడిశా జమీందారీ రద్దుపై ఆ వాదనే చేసి ఓడిపోయారు: శాసనసభకు అధికారం ఉందా అన్నదే ప్రశ్న, ఉద్దేశం కాదని కోర్టు చెప్పింది.