కవిత నుంచి పాట: కోత, పునరుక్తి, పల్లవి

చిన్న కవితను పాటగా మార్చాలంటే ముందు ఒక తేడా గుర్తుంచుకోవాలి. కవితను కన్ను చదువుతుంది. అర్థం కాని చోట ఆగుతుంది, వెనక్కి వెళ్తుంది, ఖాళీ పంక్తి దగ్గర ఊపిరి తీసుకుంటుంది. పాట వినే చెవికి ఆ వెసులుబాటు లేదు. తాళం నడుస్తూనే ఉంటుంది, జారిపోయిన మాట మళ్లీ దొరకదు. అందుకే పాటలో ముఖ్యమైన మాట తనంతట తానే తిరిగి వస్తుంది. అలా తిరిగొచ్చే మాటే పల్లవి. వినగానే మనసును పట్టేసే ముక్కను ఈ కాలపు పాటల రచయితలు హుక్ లైన్ అంటున్నారు.

ప్రతి కవితకూ ఈ మార్పు అవసరం లేదు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ పద్యాలను ఘంటసాల తాళం లేకుండా, పల్లవి లేకుండా, రాగంలో సాగదీస్తూ పద్యాలుగానే పాడారు. అది పద్యపఠనం. గురజాడ 1910లో మొదలుపెట్టిన ముత్యాల సరాలకైతే మూడు, నాలుగు మాత్రల మిశ్రగతి నడక పుట్టుకతోనే ఉంది. అసలు పని పడేది వచన కవితతో. దానికి లయ ఉన్నా, అది తాళానికి కట్టుబడిన లయ కాదు. ఈ వ్యాసం కోసమే రాసిన ఒక చిన్న వచన కవితను తీసుకుని ఆ పని ఎలా జరుగుతుందో చూడవచ్చు.

ఊరి చివర చింతచెట్టు కింద
ఆఖరి బస్సు ఆగి వెళ్లిపోయాక
దుమ్ము నెమ్మదిగా నేలకు దిగుతుంది
దిగిన వాళ్లలో కొడుకు లేడని
తెలిసినా అమ్మ
లాంతరు వత్తి తగ్గించదు
రేపటి బస్సుకు కూడా
అదే వెలుగు కావాలన్నట్టు

మొదట వెతకాల్సింది పల్లవిని. కవితలో అందమైన పంక్తినే ఎత్తి పల్లవి చేయాలని చాలామందికి అనిపిస్తుంది. ఇక్కడైతే ‘లాంతరు వత్తి తగ్గించదు’ అన్నది ఆ పంక్తి. కానీ అది పల్లవిగా నిలవదు. ముందు జరిగిందంతా తెలిస్తేనే దాని బరువు తెలుస్తుంది, పల్లవేమో మొదటే వినిపించాలి. పైగా అది ‘దు’ అనే హ్రస్వంతో ముగుస్తుంది. గాయకుడు నిలబడడానికి అక్కడ చోటు లేదు. తెలుగులో ఇది చిన్న విషయం కాదు. హ్రస్వాన్ని సాగదీస్తే మాటే మారిపోతుంది, ‘కల’ కాస్తా ‘కాల’ అవుతుంది. ద్విత్వాక్షరం మీద గొంతు ఆగలేదు. అందుకని స్వరం నిలిపే చోట ఆ, ఏ, ఓ లాంటి దీర్ఘం పడేలా పల్లవిని ఎంచుకోవాలి.

ఈ కవితకు కావలసిన పల్లవి కవితలో లేదు. కవిత చివరి రెండు పంక్తుల్లో దాగి ఉన్న ఆశను ఎవరైనా పైకి అనాలి. కొడుకు దిగలేదని చూసిన ఊరివాళ్లు ఆ తల్లితో ఏమంటారు? రోజూ మాట్లాడుకునే మాటల్లోనే అంటారు.

ఇంకో బస్సుందమ్మా
లాంతరు ఆర్పకు అమ్మా

మాత్రలు లెక్కిస్తే ఇది ఎందుకు పాటలో కూర్చుంటుందో తెలుస్తుంది. హ్రస్వానికి ఒక మాత్ర. దీర్ఘానికి, సున్నా ఉన్న అక్షరానికి, సంయుక్త లేదా ద్విత్వాక్షరానికి ముందున్న అక్షరానికి రెండు. ఇంకో, బస్సుం, దమ్మా అని విడదీస్తే ఒక్కో ముక్కకు నాలుగు మాత్రలు. లాంతరు, ఆర్పకు, అమ్మా కూడా అంతే. నాలుగేసి మాత్రల ఈ నడక చతురశ్రగతి. ఒక్కో పంక్తిలో మూడు దెబ్బలకు మాట పడుతుంది, నాలుగో దెబ్బ ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీలో గాయకుడు ఊపిరి తీసుకుంటాడు, లేదా ‘అమ్మా’ అన్న దీర్ఘాన్ని దాని మీదికి సాగదీస్తాడు, లేదా కోరస్ అందుకుంటుంది. రెండు పంక్తులు కలిసి ఎనిమిది దెబ్బలు, అంటే ఆదితాళంలో సరిగ్గా ఒక ఆవర్తనం.

పల్లవి కుదిరాక కోత మొదలవుతుంది. కవితలో పాట మోయలేనివి ముందుగా పోతాయి. ‘తెలిసినా అమ్మ’ అని పంక్తిని మధ్యలో విరవడం కాగితం మీద బాగుంటుంది, తాళంలో ఆ విరుపు వినపడదు. ‘కావాలన్నట్టు’ అన్న ముగింపూ అక్కర్లేదు. పల్లవి అదే సంగతి చెబుతోంది కాబట్టి రెండూ ఉంచితే ఒకదాన్నొకటి పలచన చేస్తాయి. ‘ఆఖరి బస్సు’ వదులుకోవడం కష్టమనిపిస్తుంది. కానీ ‘ఇంకో బస్సుంది’ అనే పల్లవి పక్కన ఆ మాట ఉంటే, వినేవాడు ఆ రెండింటికీ పొత్తు కుదుర్చుకునే లోపు పాట ముందుకు వెళ్లిపోతుంది. ఉంచుకోవలసినవి కంటికి కనిపించేవి: చింతచెట్టు, దుమ్ము, దిగినవాళ్ల మొహాలు, వత్తి.

చరణం రాసేటప్పుడే అసలు చిక్కు ఎదురవుతుంది. కవిత మొదటి పంక్తిని కాస్త కత్తిరిస్తే ‘ఊరి చివర చింత కింద’ అవుతుంది. లెక్కిస్తే పన్నెండు మాత్రలు, పల్లవి పంక్తికీ పన్నెండే. లెక్క సరిపోయిందని కొత్తగా రాసేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. పాడి చూస్తే మాత్రం కాలు తడబడుతుంది. ఊరి, చివర, చింత, కింద అన్నీ మూడేసి మాత్రల మాటలు, అంటే తిశ్రగతి. పల్లవి నాలుగు నాలుగుగా నడుస్తుంటే ఇది మూడు మూడుగా గెంతుతుంది. మొత్తం ఒకటే అయినా దెబ్బ పడే చోటు వేరు. పంక్తి మొత్తాన్ని కాకుండా ఒక్కో ముక్కనూ కొలవాలని చెప్పేది ఇందుకే. చేత్తో తాళం వేస్తూ మామూలు గొంతుతో మాటలు చదివితే ఈ లోపం వెంటనే బయటపడుతుంది. దెబ్బ మాట మొదట్లో పడకుండా మధ్యలో ఎక్కడో పడుతుంది, నాలుక తొందరపడుతుంది. గతిని నాలుగుకు మార్చి, నాలుగో దెబ్బనూ మాటతో నింపితే చరణం ఇలా తయారవుతుంది.

ఊరికి చివరన చింతల నీడన
రేగిన దుమ్మే నేలకు దిగగా
దిగినోళ్ళందరి మొహాలు వెతికే
అమ్మకు చెప్పే మాటే ఒకటే

ఇప్పుడు ప్రతి పంక్తికీ పదహారు మాత్రలు, నాలుగు నాలుగుగా. ఒక్క చెట్టు ‘చింతల నీడ’ అయింది. అది చిన్న నష్టమే. పల్లవిలో ఖాళీ దెబ్బ ఉంది, చరణంలో లేదు. ఆ తేడా కావాలని పెట్టిందే. చరణం కథ చెబుతూ ఊపిరాడనివ్వకుండా సాగితేనే పల్లవి దగ్గరికొచ్చినప్పుడు చెవికి విశ్రాంతి దొరుకుతుంది. చివరి పంక్తి పని మరొకటి: పల్లవిని చేతికి అందించడం. ‘మాటే ఒకటే’ అనగానే ఆ మాట ఏమిటన్న ప్రశ్న పుడుతుంది, జవాబుగా ‘ఇంకో బస్సుందమ్మా’ వస్తుంది. చరణం చివర ఈ అందింపు లేని పాటల్లో పల్లవి ఎక్కడి నుంచో వచ్చి అతికినట్టు ఉంటుంది. పల్లవి కుదిరి, అందింపు కుదరకపోతే చరణాన్ని చివరి పంక్తి నుంచి పైకి రాసుకురావడం మంచి పద్ధతి.

రెండో చరణానికి కవితలో సరుకు దాదాపు అయిపోయింది. వత్తి ఒక్కటే మిగిలింది. ఇక్కడ రచయిత కవిత దాటి వెళ్లక తప్పదు. పాడిన బొమ్మనే ఇంకో రకంగా పాడితే పాట నిలబడిపోతుంది. మొదటి చరణం తర్వాత పల్లవికి ఉన్న అర్థాన్ని రెండో చరణం మార్చాలి. పునరుక్తి బలమంతా అందులోనే ఉంది. మాటలు అవే, అనేవాళ్లు మారతారు.

చీకటి ముదిరెను ఇంటికి రమ్మని
వత్తిని తగ్గించబోయె కోడలు
కొంగును నోటికి అడ్డం పెట్టుకు
అమ్మే చెప్పిన మాటా ఒకటే

మొదట ఊరు ఆ తల్లిని ఓదారుస్తూ అన్న మాటనే ఇప్పుడు ఆమె కోడలితో అంటోంది. ‘అమ్మా’ అన్న పిలుపు ఊరి పెద్దామెకూ సరిపోతుంది, అత్త నోట కోడలికీ సరిపోతుంది. అందుకే పల్లవిలో ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదు. కోడలు కవితలో లేని మనిషి. ఆమె రావడంతో ఎదురుచూసేవాళ్లు ఇద్దరయ్యారు. ఇలాంటి చేర్పు కవిత స్వభావానికి విరుద్ధమైతే తీసేయాలి. ఇక్కడ అది అదే బాధలోంచి పుట్టింది కాబట్టి నిలిచింది.

ఎక్కడ ఎన్నిసార్లు తిప్పాలన్నదీ ముందే తేల్చుకోవాలి. ఆరంభంలో ‘ఇంకో బస్సుందమ్మా’ రెండుసార్లు, ‘లాంతరు ఆర్పకు అమ్మా’ ఒకసారి, మళ్లీ మొదటి పంక్తి వస్తే వినేవాడికి పల్లవి పట్టుబడుతుంది. చరణంలో మొదటి రెండు పంక్తులను జంటగా మళ్లీ పాడవచ్చు, చెవికి ఆ చోటు, ఆ దుమ్ము స్థిరపడతాయి. చివరి రెండింటిని మాత్రం తిప్పకూడదు. తిప్పితే పల్లవి వైపు సాగుతున్న పరుగు తెగిపోతుంది. మొదటి చరణం తర్వాత పల్లవి మొదటి పంక్తి ఒక్కటే చాలు. రెండో చరణం తర్వాత రెండు పంక్తులూ పూర్తిగా రావాలి, ఎందుకంటే ‘లాంతరు ఆర్పకు’ అన్న మాటకు కోడలి చెయ్యి ఎదురుగా ఉన్నది అప్పుడే.

ఈ మార్పులో పోయేదీ ఉంది. కవితలో తల్లి నోరు విప్పదు. ఆశ ఉందో, అలవాటు మిగిలిందో పాఠకుడే ఊహించుకుంటాడు. పాట ఆ మౌనాన్ని మాటగా మార్చింది. ఆ మౌనమే కవిత ప్రాణమని అనిపించినప్పుడు పాట చేయకుండా వదిలేయడమే సరైన నిర్ణయం. ఈ కవిత మార్పును తట్టుకుంది, ఎందుకంటే ‘ఇంకో బస్సుంది’ అనేవాళ్లెవరికీ అందులో కొడుకు ఉంటాడో లేదో తెలియదు. అందుకే పాటలోనూ ఆ సందేహం అలాగే ఉండిపోయింది.

పాట నిలిచిందో లేదో కాగితం మీద తేలదు. కవిత చదవని మనిషికి బాణీ లేకుండా తాళం మీద ఒక్కసారి వినిపించి, పల్లవిని తిరిగి చెప్పమనాలి. ‘ఇంకో బస్సుంది’ గుర్తుండి రెండో పంక్తి గుర్తు లేకపోతే ఆ పంక్తినే మళ్లీ రాయాలి. రెండో చరణంలో పల్లవిని ఎవరు ఎవరితో అంటున్నారో కూడా అడగాలి. జవాబు తప్పితే లోపం ‘అమ్మే చెప్పిన’ పంక్తిలో ఉన్నట్టు. అప్పుడు ఆ చోట ‘అమ్మే’ తీసి ‘అత్తే’ అని రాస్తే సరిపోతుంది. మాత్రలు మారవు, మనిషి మాత్రం స్పష్టమవుతుంది.