మాట వెంట మాట

"పని ఎలా ఉంది? ఆదివారం ఏం చేశారు?" అని అడిగి, వెంటనే "మీకు కష్టాలేంటి?" అంటే ఎవరైనా "ఏటీ నేదమ్మా" అనేస్తారు. వాళ్లు చెప్పిన మాటలోంచే తర్వాతి ప్రశ్న తీయాలి.

భావనపాడులో చేపలమ్మే పిన్నితో మాట్లాడుతున్నామనుకోండి.

"ఆదివారం వేటకెళ్లారా పిన్నీ?"

"నేదమ్మా, మీ చిన్నాన్న వల బాగుచేసుకున్నాడు."

ఇక్కడ వల అనే మాట పట్టుకోవాలి.

"ఆ పని మీ పిల్లలకీ వచ్చా?"

"చిన్నోడికొచ్చు. పెద్దోడు వేరావల్‌లో బోటు మీదున్నాడు."

వేరావల్ గుజరాత్‌లో ఉంది. మన జిల్లా మత్స్యకారులు అక్కడికి వలస వెళ్తారు. అలా వెళ్లినవాళ్లలో కొందరిని 2018లో పాకిస్తాన్ వాళ్లు సముద్రంలో పట్టుకున్నారు. 2020 జనవరి దాకా విడవలేదు. ఈ సంగతి ఆ పిన్నికి మనకంటే బాగా తెలుసు. కనుక "భయం లేదా?" అని అడగొద్దు. "ఫోను చేస్తుంటాడా పిన్నీ?" అంటే చాలు. భయముంటే ఆమే చెబుతుంది. అప్పుడు "అంత దూరం ఎందుకెళ్లాడు?" అన్నా అతకదని అనిపించదు.

ఆమె "ఊఁ" అని తట్ట సర్దుకుంటోందా? ఇష్టం లేదన్నమాట. అలాంటప్పుడు మళ్లీ వల దగ్గరికే రావాలి. "ఆ వలకి ఏ చేపలు పడతాయి పిన్నీ?"