సాఫ్ట్‌వేర్‌కు ఆయుష్షు ఎవరు రాస్తారు?

విజయవాడలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు కంపెనీ ఉందనుకుందాం. బుకింగులు, డీజిల్ లెక్కలు, డ్రైవర్ల బత్తాలు అన్నీ ఒకేచోట చూసుకోవడానికి సాఫ్ట్‌వేర్ కొంది. లైసెన్సుకు 36 లక్షలు, తన పద్ధతులకు తగ్గట్టు మార్పులు చేయించుకోవడానికి 12 లక్షలు, సిబ్బంది శిక్షణకు 3 లక్షలు అయ్యాయి.

ఈ 51 లక్షలూ ఈ ఏడాదే ఖర్చు రాసేస్తే లాభం ఒక్కసారిగా పడిపోతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకా కొన్నేళ్లు పని చేస్తుంది. అందుకే దాన్ని ఆస్తిగా చూపించి, ఉపయోగపడే కాలమంతటా ఖర్చును పంచుతారు. లారీకి తరుగుదల రాసినట్టే సాఫ్ట్‌వేర్, పేటెంట్ లాంటి కంటికి కనిపించని ఆస్తులకు రాసేది అమోర్టైజేషన్. అయితే శిక్షణకు పెట్టిన 3 లక్షలు ఆస్తిలో కలవవు. నేర్చుకున్న గుమస్తా రేపు మానేసి వెళ్తే ఆపే హక్కు కంపెనీకి లేదు కదా! అది ఈ ఏడాది ఖర్చే. ఆస్తి విలువ 48 లక్షలు.

దాని ఆయుష్షు నాలుగేళ్లని యాజమాన్యం తేల్చింది. చివర్లో అమ్మితే ఏమీ రాదు కాబట్టి నెలకు లక్ష. సాఫ్ట్‌వేర్ అక్టోబరు 1 నాటికి సిద్ధమైంది. సంక్రాంతి రద్దీ తగ్గాక చూద్దామని కంపెనీ ఫిబ్రవరి దాకా దాన్ని ముట్టుకోలేదు. అయినా లెక్క అక్టోబరు నుంచే మొదలవుతుంది. వాడకానికి సిద్ధమైన రోజే ముఖ్యం, వాడటం మొదలుపెట్టిన రోజు కాదు. మార్చి నాటికి 6 లక్షలు, మరుసటి ఏడాది 12 లక్షలు పోగా పుస్తకాల్లో 30 లక్షలు మిగిలాయి.

అప్పుడు అమ్మినవాళ్ల నుంచి కబురొచ్చింది: ఈ వెర్షన్‌కు సపోర్టు ఇంకో ఏడాదిన్నరే. రెండున్నరేళ్లు రావలసిన ఆస్తి ఏడాదిన్నరకే మూలపడుతుంది. ఇలాంటి మార్పుల కోసమే ఆయుష్షును ఏటా ఆర్థిక సంవత్సరం చివర తిరిగి చూడాలంటుంది భారత ప్రమాణం ఇండ్ ఏఎస్ 38. పాత లెక్కలను తిరగరాయరు. మిగిలిన 30 లక్షలను 18 నెలలకు పంచుతారు. వచ్చే ఏడాది 20 లక్షలు, ఆపై ఆరు నెలలకు 10 లక్షలు.

మొదట్లోనే ఆయుష్షు ఎనిమిదేళ్లని రాసి ఉంటే? ఏటా 12 లక్షల బదులు 6 లక్షలే ఖర్చు, పన్నుకు ముందు లాభం 6 లక్షలు ఎక్కువ. అదనంగా ఒక్క లారీ లోడూ రాలేదు, బ్యాంకులోకి ఒక్క రూపాయీ రాలేదు. యాజమాన్యాలకు ఆశ పుట్టేది ఇక్కడే. పేటెంటుకైతే చట్టం ఒక హద్దు గీసింది. మన దేశంలో దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. కానీ అది పైహద్దు మాత్రమే. ఏడేళ్లలో కొత్త మందు వచ్చి పాతదాన్ని పక్కకు నెట్టేస్తుందని తెలిస్తే ఏడేళ్లకే పంచాలి. సాఫ్ట్‌వేర్‌కు ఆ హద్దు కూడా చాలాసార్లు ఉండదు, అందుకే దాని ఆయుష్షును నేను ఎక్కువ అనుమానంగా చూస్తాను.

అసలు అమోర్టైజేషనే మొదలుకాని ఆస్తులు మరీ ప్రమాదకరం. హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2016లో తేవా నుంచి అమెరికా మార్కెట్‌కు ఉద్దేశించిన ఎనిమిది జెనరిక్ ఉత్పత్తులను 35 కోట్ల డాలర్లకు కొంది. వాటిలో నువారింగ్ అనే గర్భనిరోధక రింగుకు జెనరిక్ ఒకటి. అమెరికా అనుమతి రానంత కాలం అది వాడకానికి సిద్ధమైన ఆస్తి కాదు. కాబట్టి ఏటా కొంత తగ్గించడం ఉండదు, విలువ నిలిచి ఉందా లేదా అని పరీక్షించడమే. ఈలోగా పోటీ జెనరిక్ మార్కెట్లోకి వచ్చింది. 2019 అక్టోబరు-డిసెంబరు త్రైమాసికంలో కంపెనీ ఆ ఒక్క ఉత్పత్తి మీదే 1,100 కోట్ల రూపాయలకు పైగా విలువ తగ్గించి రాసింది. ఆ త్రైమాసికం నష్టంలో ముగిసింది. ఇందులో దాపరికం ఏమీ లేదు, నిబంధన ప్రకారమే జరిగింది. ఏటా కొంచెం కొంచెం తగ్గాల్సినది తగ్గకుండా కూర్చుంటే దెబ్బ ఒక్కరోజే తగులుతుంది.

షేర్లు కొనేవారు వార్షిక నివేదికలో లాభం అంకె దగ్గర ఆగిపోకండి. వెనక పేజీల్లోని అకౌంటింగ్ విధానాల్లో సాఫ్ట్‌వేర్‌కు ఎన్నేళ్లు రాశారో చూసి, అదే రంగంలోని మరో కంపెనీతో పోల్చండి. లాభాలు తగ్గిన ఏడాదే ఆయుష్షు పెరిగిందంటే కారణం వెతకండి. తయారీలో ఉన్న కనిపించని ఆస్తులు ఎన్నాళ్లుగా అలా ఉన్నాయో చెప్పే పట్టిక కూడా ఇవ్వాలని 2021లో కంపెనీల చట్టం మూడో షెడ్యూలును సవరించారు. అందులో మూడేళ్లు దాటిన గడిలో పెద్ద అంకె కనిపిస్తే, డబ్బు పెట్టే ముందు ఆ ప్రాజెక్టు ఎందుకు పూర్తి కాలేదో తెలుసుకోండి.