నడుము విరిచింది జిమ్ కాదు

పదిహేనేళ్ల కుర్రాడి చేత బరువులెత్తించి నడుము విరగ్గొట్టారన్న మాట తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పుట్టింది. రెండు వారాల్లో మా క్రికెట్ అకాడమీ అండర్-16 బ్యాచ్‌లో సగం మంది జిమ్ మానేశారు. అదే పిల్లలు నెట్స్‌కు మాత్రం తప్పకుండా వచ్చి బంతులు వేసి వెళుతున్నారు. పుండు ఒకచోట, మందు ఇంకోచోట. ఈ నివేదిక రాయాల్సి వచ్చింది అందుకే.

పుకారుకు ఆధారం ఒక్కటే: నొప్పితో కుర్రాడు మొదట కేక పెట్టింది జిమ్‌లో, 20 కిలోల బార్‌తో స్క్వాట్ చేస్తుండగా. ఆ బరువుతోనే అతను నాలుగు నెలలుగా వారానికి రెండుసార్లు స్క్వాట్ చేస్తున్నాడు. మారింది బౌలింగ్. మామూలుగా వారానికి 20 ఓవర్లు, అంటే 120 బంతులు వేసేవాడు. దసరా సెలవుల్లో పొద్దున అకాడమీ నెట్స్, మధ్యాహ్నం బయటి క్లబ్ మ్యాచ్, సాయంత్రం కాలనీలో టెన్నిస్ బంతి. అన్నీ కలిపితే మొదటి వారం 42 ఓవర్లు, రెండో వారం 40. మా రిజిస్టర్‌లో ఉన్నవి అందులో 24, 22 మాత్రమే. కేక వినిపించింది సెలవులయ్యాక రెండో వారంలో. ఎమ్మారైలో తేలింది నడుము చివరి పూస, ఎల్-5, వెనుక భాగంలో ఎడమవైపు స్ట్రెస్ ఫ్రాక్చర్. కుడిచేతి పేసర్లకు ఈ గాయం ఎక్కువగా వచ్చేది ఎడమవైపే. బంతి వదిలే క్షణంలో వెన్ను ఒకేసారి వెనక్కి వంగి, పక్కకు ఒరిగి, మెలి తిరుగుతుంది. ముందు కాలు నేలను తాకినప్పుడు ఒంటి బరువుకు అయిదారు రెట్ల తాకిడి పైకి వస్తుంది. 20 కిలోల బార్ దాని ముందు ఎంత?

మరి సెలవుల్లోనే ఎందుకు నొప్పి పుట్టలేదని ఒక తండ్రి అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఒత్తిడి పెరిగినప్పుడు ఎముక ముందు తన పాత పదార్థాన్ని తొలగించుకుని, ఆ తర్వాతే కొత్తది కట్టుకుంటుంది. తొలగింపు త్వరగా అవుతుంది, కట్టుబడికి నెలలు పడుతుంది. ఈ రెండింటి మధ్య వ్యవధిలో ఎముక మునుపటికంటే బలహీనంగా ఉంటుంది, అప్పుడూ బంతులు ఆగకపోతే చీలుతుంది. అందుకే బౌలింగ్ ఎక్కువైన వారంలో బాగానే ఉన్న కుర్రాడు మూడు నాలుగు వారాల తర్వాత కూలబడతాడు. అప్పటికి సెలవులు ఎవరికీ గుర్తుండవు, ఎదురుగా ఉన్న జిమ్ దోషి అవుతుంది.

మిగతా అపోహలూ ఇలాంటివే. బరువులెత్తితే ఎత్తు పెరగరన్నదానికి రుజువు లేదు. ఎక్స్‌రే బాగుంటే ఎముక బాగున్నట్టు కాదు, ఈ చీలిక మొదట్లో అందులో తరచూ కనిపించదు. నడుం బెల్టు బౌలింగ్‌కు లైసెన్సు కాదు. పుత్తూరు కట్టుకు ఎంత పేరున్నా వెన్నుపూస వెనుక చీలికకు కట్టు కట్టే చోటే లేదు.

అయితే "బంతులు వేస్తేనే బౌలర్ అవుతాడు" అని పెద్దలనే మాటను, ఇష్టం లేకపోయినా, సగం ఒప్పుకోవాలి. నెలల తరబడి దాచిపెట్టి ఒక్కసారిగా మ్యాచ్‌లోకి దించినా ఇదే గాయం అవుతుంది. ఎముక గట్టిపడేది క్రమంగా పెరిగే పనితోనే. పెద్దల మాటలో ఆ "క్రమంగా" అన్నదే కనపడదు. ప్యాట్ కమిన్స్ 18 ఏళ్లకే, 2011లో, తొలి టెస్టు ఆడాడు. నడుము మళ్లీ మళ్లీ దెబ్బతిన్నాక రెండో టెస్టు ఆడింది 2017లో, రాంచీలో. ఆస్ట్రేలియా దగ్గర లేని సదుపాయాలేమీ మన దగ్గర లేవు.

యాజమాన్యం కూడా ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. సెలవులయ్యాక మొదటి వారంలోనే కుర్రాడు నడుము పట్టేసిందని చెప్పాడు. సహాయ శిక్షకుడు స్ప్రే కొట్టి ఇంకో మూడు ఓవర్లు వేయించాడు. ఒంటికాలిపై నిలబెట్టి వెనక్కి వంగమంటే అర నిమిషంలో అనుమానం వచ్చేది. అలా వంగినప్పుడు ఒకవైపే నొప్పి అంటే ఆరోజే బంతి పక్కన పెట్టించి డాక్టరుకు చూపించాలి. ఇక నుంచి పేసర్‌కు ఒక్కటే పుస్తకం ఉంటుంది: అకాడమీ, క్లబ్, స్కూలు, కాలనీ, ఎక్కడ వేసిన బంతయినా అందులో పడాలి. అకాడమీ బయటి లెక్క ఇంట్లోవాళ్లే రాయగలరు, దాచితే మాకు తెలిసే దారి లేదు. గత నాలుగు వారాల సగటు కంటే బంతులు బాగా పెరిగితే, ఫైనల్ ఉన్నా సరే, ఆ వారం నెట్స్ తగ్గుతాయి.

కుర్రాడికి కనీసం మూడు నెలలు బౌలింగ్ లేదు. ఆ తర్వాత డాక్టరు సరేనంటే సగం రనప్‌తో, రోజు విడిచి రోజు, రెండేసి ఓవర్లతో మొదలుపెడతాడు. నొప్పి పూర్తిగా తగ్గగానే, బంతి ముట్టడానికి చాలా ముందే, ఫిజియో అతన్ని పంపేది మాత్రం జిమ్‌కే.