తీసేసే ముఖమే కొలబద్ద

పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోలకు తరచూ వచ్చే కోరిక ఒకటుంది. పొద్దున మండపంలో తీసిన గ్రూప్ ఫొటోలో అందరూ బాగా పడ్డారు, పెళ్లికూతురి నాన్నగారు మాత్రం సరిగ్గా ఆ క్షణాన కళ్లు మూసుకున్నారు, నోరు సగం తెరిచారు. ఆయన హాయిగా నవ్వుతూ పడిన ఫొటో ఒక్కటే ఉంది, అది రాత్రి రిసెప్షన్‌లో ఫ్లాష్ కొట్టి తీసింది. "ఆ ముఖం తెచ్చి ఇక్కడ పెట్టెయ్యండి బాబూ" అంటారు ఇంటివాళ్లు. మనిషి ఆయనే, అడుగుతున్నదీ ఆయనే, అందుకు అభ్యంతరం లేదు. ముఖం కత్తిరించి తెచ్చి పెట్టడం ఫోటోషాప్‌లో కాసేపటి పని. అసలు తిప్పలు ఆ తర్వాతే. నుదురు, ముక్కు కొన తెల్లగా మెరుస్తుంటాయి, ఒక చెంప ఊదారంగులో ఉంటుంది, ఎండపొడ పడిన మండపంలో ఆ ముఖం ఒక్కటే రాత్రిని మోసుకొచ్చినట్టు కనిపిస్తుంది.

చాలామంది ఇక్కడ వెలుతురు తగ్గించి, పసుపు కాస్త పెంచి సరిపెట్టాలని చూస్తారు. అలా కుదరదు. మెరుపు వేరే తప్పు, రంగు జీర వేరే తప్పు. రెండింటికీ కారణాలు వేరు, మందులూ వేరు.

చర్మం మీద పడిన వెలుతురు రెండు దారుల్లో కెమెరాకు తిరిగొస్తుంది. కొంత వెలుతురు చర్మంలోకి దిగి, అక్కడి మెలనిన్, రక్తం రంగును పట్టుకుని బయటికొస్తుంది. మనం ఒంటిరంగు అనుకునేది దాన్నే. మిగతాది పైనున్న చెమట, జిడ్డు పొర మీదే తగిలి అద్దంలోంచి వచ్చినట్టు నేరుగా వెనక్కి వస్తుంది. దానికి చర్మం రంగు అంటదు, ఫ్లాష్ రంగే ఉంటుంది, అంటే తెలుపు. కెమెరా మీది ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది కాబట్టి కెమెరాకు ఎదురుగా ఉన్న నుదురు, ముక్కు కొన, చెంప ఎముకలు ఆ తెలుపును సూటిగా తిప్పి పంపుతాయి. కాబట్టి ఆ మచ్చలో చర్మం రంగు దాగి ఉందని, తవ్వితే బయటపడుతుందని అనుకోకూడదు. దాన్ని చీకటి చేస్తే చర్మం రాదు, బూడిదరంగు మచ్చ వస్తుంది. చవకగా చేసిన ఆల్బమ్‌లలో నుదుటి మీద విభూతి చెరిగినట్టు కనిపించే మరక అదే.

రంగు జీర అలా కాదు. స్టేజీ మీది ఎల్‌ఈడీ లైటు వెలుతురు చర్మంలోకి దిగి బయటికొచ్చిందే, కాకపోతే దిగిన వెలుతురే ఊదారంగుది. అక్కడ చర్మం వివరం ఉంది, పాళ్లు మాత్రం తప్పాయి. కాబట్టి దాన్ని కొలిచి సరిచేయవచ్చు. మెరుపునైతే సరిచేయలేం, దాని చోట వేరే చర్మం పెట్టాలి.

కొలవడానికి కొలబద్ద కావాలి, పెట్టడానికి చర్మం కావాలి. రెండూ చేతిలోనే ఉన్నాయి. కళ్లు మూసుకున్న ఆ పొద్దుటి ముఖం ఉందే, అది అదే మనిషిది, అదే మండపం వెలుతురులోది. కొత్త ముఖం అతికించగానే పాతదాన్ని చెరిపేసే అలవాటు చాలామందికి ఉంది. ఈ పనిలో అంతకంటే పెద్ద నష్టం లేదు. దాన్ని కింది లేయర్‌లో అలాగే ఉంచాలి.

మొదట రంగు. ఫోటోషాప్‌లో రంగు చూసే డ్రాపర్‌ను `5 by 5 Average` మీద పెట్టాలి. ఒక్క చుక్కను కొలిస్తే స్వేదరంధ్రమో వెంట్రుకో తగిలి లెక్క తప్పుతుంది. పాత ముఖంలో నీడ పడని చెంప మీద ఉంచితే ఎరుపు 168, ఆకుపచ్చ 122, నీలం 94 వచ్చాయనుకుందాం. ఛామనఛాయ ముఖానికి మామూలు వెలుతురులో వరుస ఇలాగే ఉంటుంది: ఎరుపు ఎక్కువ, ఆకుపచ్చ మధ్యలో, నీలం తక్కువ. ఇప్పుడు రాత్రి ముఖంలో, ఫ్లాష్ పడినా మెరవని చెంప భాగం చూస్తే 205, 158, 146 ఉంది. అంకెల్ని నేరుగా పోల్చకూడదు, ఎందుకంటే రాత్రి ముఖం మొత్తంగా ఎక్కువ వెలుగులో ఉంది. పాళ్లు పోల్చాలి. పొద్దుటి చెంపలో నీలం ఎరుపులో 56 శాతం, రాత్రి చెంపలో 71 శాతం. ఆకుపచ్చ పొద్దున 73 శాతం, రాత్రి 77. ఎరుపును 205 దగ్గరే ఉంచి పొద్దుటి పాళ్లు రావాలంటే ఆకుపచ్చ సుమారు 149కి, నీలం 115కి దిగాలి. ముఖం లేయర్ మీద `Curves` పెట్టి, అది ఆ ఒక్క లేయర్‌కే పనిచేసేలా క్లిప్ చేసి, నీలం గీతలో 146ను 115కి, ఆకుపచ్చలో 158ని 149కి లాగితే ఆ చెంపకు పొద్దుటి పాళ్లు వచ్చేస్తాయి. వెలుతురు ఎక్కువతక్కువలు ఆ తర్వాత, మూడు రంగులనూ కలిపి తగ్గించుకోవచ్చు.

అయితే ఈ ఒక్క సవరణతో ముఖమంతా కుదరదు, ఎందుకంటే ఆ ముఖం మీద రెండు దీపాలున్నాయి. ముందువైపు ఫ్లాష్, పక్కనుంచి స్టేజీ లైటు. ఊదారంగు చెంప మీద కొలిస్తే 190, 112, 150 వస్తాయి. నీలం ఆకుపచ్చను దాటిపోయింది. చర్మంలో ఆ వరుస తిరగబడిందంటే రంగుల దీపం పడిందనే అర్థం. దీనికి ఇంకో `Curves` లేయర్ వేయాలి: ఆకుపచ్చను 138 దాకా ఎత్తి, నీలాన్ని 106 దాకా దించాలి. దాని మాస్క్‌ను నల్లగా చేసి, మెత్తని తెల్ల బ్రష్‌తో ఆ చెంప మీద మాత్రమే పూయాలి. ముక్కు పక్కన రెండు దీపాల వెలుతురూ కలిసే చోట బ్రష్‌ను 20 శాతం బలంతో మెల్లగా నడపాలి. తొందరపడితే అక్కడ ఆకుపచ్చ గీత తేలుతుంది.

దీనికీ హద్దుంది. పూర్తి నీలి దీపం కింద ఉన్న చెంపలో ఎరుపు దాదాపు ఉండదు. లేని ఎరుపును గీత పైకి లాగితే చర్మం రాదు, గరుకు చుక్కలు వస్తాయి. అలాంటి చోట రంగును సవరించడం మానేసి, పాత చెంప నుంచి రంగు తీసుకుని `Color` మోడ్‌లో ఉన్న కొత్త లేయర్ మీద పలచగా పూయడమే మేలు. వెలుగునీడలు రాత్రి ముఖానివే ఉంటాయి, రంగు మాత్రం పొద్దుటిది వస్తుంది.

ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపినదైతే ఈ సవరణలన్నీ ముందే కుంటుపడతాయి. జేపీఈజీ ఫైళ్లు సాధారణంగా వెలుగునీడలను సూక్ష్మంగా, రంగును మోటుగా దాచుకుంటాయి. వాట్సాప్ ఆ ఫైలునే ఇంకా కుదిస్తుంది. గీతలు లాగగానే చెంప మీద చతురస్రపు గడులు తేలతాయి. ఫైలును డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి. ఫొటోగ్రాఫర్ దగ్గర రా ఫైలు ఉంటే అంతకన్నా మంచిది.

రంగు కుదిరాక మెరుపు పని. ముందు మచ్చ ఎంత గాఢమైనదో చూసుకోవాలి. సవరించని ఫొటోలో మచ్చ మధ్యన మూడు అంకెలూ 255 ఉంటే అక్కడ ఇంకేమీ మిగల్లేదు. చర్మంలో ముందుగా నిండిపోయేది ఎరుపే కాబట్టి, చాలాసార్లు మచ్చ అంచుల్లో ఎరుపు 255 తాకినా నీలం 220 దగ్గరే ఆగి ఉంటుంది. `Channels` లో నీలాన్ని ఒక్కదాన్నే తెరిచి చూస్తే, మామూలుగా తెల్లగా కనబడే చోట సన్నని ముడతలు, రంధ్రాలు ఇంకా కనిపిస్తాయి. అవి కనిపిస్తున్న మేరకు ముఖాన్ని కాపాడుకోవచ్చు. మచ్చకు ఇంకో గుర్తు కూడా ఉంది: ముఖమంతా నీలం తగ్గించగానే పూర్తిగా తెలుపైన చోటు తెల్లగానే ఉండిపోతుంది, దాని చుట్టూ దాదాపు తెలుపైన అంచు పసుపు పచ్చగా మారుతుంది. ఆ అంచులో తీసెయ్యడానికి జీర లేకపోయినా తీసేశాం మరి. ఆ తెలుపు మిగిలిన మేరకూ, పసుపు తేలిన మేరకూ చర్మం మార్చాల్సిందే.

అంచులకు క్లోన్ స్టాంప్ చాలు, మోడ్ మాత్రం `Darken` ఉండాలి. ఆ మోడ్‌లో బ్రష్ తనకంటే తెల్లగా ఉన్నవాటినే మారుస్తుంది, పక్కనున్న కనుబొమ్మ వెంట్రుకలు, ముడతల నీడలు చెక్కుచెదరవు. బలం 20 నుంచి 30 శాతం పెట్టి, మెరుపు పక్కనే ఉన్న మెరవని చర్మం నుంచి తీసుకుంటూ రెండు మూడు సార్లు పూయాలి.

నుదుటి నడుమ పూర్తిగా పోయిన చోటుకు కింది లేయర్‌లోని పొద్దుటి నుదురు వాడాలి. రెండు ఫొటోల్లోనూ తల ఒకే కోణంలో ఉంటే అసలు ఏమీ పూయనక్కర్లేదు, కొత్త ముఖం మాస్క్‌లో నుదురు భాగం చెరిపేస్తే కింద ఉన్న నుదురే బయటికొస్తుంది. కళ్లు, చెంపలు, నోరు రాత్రివి, నుదురు పొద్దుటిది. ఎంత తక్కువ మారిస్తే అంత నమ్మకంగా ఉంటుంది. మండపంలో ఆయన నుదుట పెట్టిన కుంకుమ బొట్టు కూడా దీనితో దక్కుతుంది. రాత్రికి ఆ బొట్టు చెరిగిపోయి ఉంటుంది, ముఖమంతా మార్చేస్తే పక్కనున్న వియ్యంకుడికి బొట్టుండి ఈయనకు లేకుండా పోతుంది. కోణం తేడాగా ఉంటే పొద్దుటి నుదుటి ముక్కను కాపీ చేసి, కొంచెం తిప్పి, మెత్తని అంచులతో మచ్చ మీద పరచాలి.

మెరుపును పూర్తిగా చంపకూడదు. పొద్దుటి ముఖంలోనూ ముక్కు మీద చిన్న మెరుపుంటుంది, అది లేని ముఖం మైనం బొమ్మలా తేలిపోతుంది. పాత ముఖంలో ఆ మెరుపు ఎక్కడుందో, ఎంతుందో చూసి కొత్తదానిలో అంతే మిగల్చాలి. వెలుతురు దిక్కు కూడా అక్కడే తెలుస్తుంది. ఫ్లాష్ ముఖానికి నీడలుండవు, పొద్దుటి ముఖానికి మండపం తెరిచి ఉన్న వైపు వెలుగు, రెండోవైపు నీడ ఉంటాయి. 50 శాతం బూడిదరంగు నింపిన లేయర్‌ను `Soft Light` మోడ్‌లో పెట్టి, నీడ ఉండాల్సిన చెంప మీద నల్ల బ్రష్‌ను 5 శాతం బలంతో నడిపితే ముఖానికి మళ్లీ గుండ్రదనం వస్తుంది. కంటిపాప నడిమిన ఫ్లాష్ చుక్క కనబడుతుంటే దాన్ని తీసి, పక్కవాళ్ల కళ్లలో వెలుగు చుక్క ఏ వైపుందో చూసి ఆ వైపు పెట్టాలి.

పని ముగిసిందో లేదో మామూలుగా చూస్తే తెలియదు, అంతసేపు చూసిన కన్ను అలవాటు పడిపోతుంది. అన్నిటికంటే పైన తాత్కాలికంగా ఒక బ్లాక్ అండ్ వైట్ లేయర్ వేసి చూడాలి. రంగు పోయాక కూడా ఆ ముఖం పక్కవాళ్ల కంటే ఎత్తుగా కనిపిస్తే తప్పు వెలుతురులో ఉంది. తర్వాత దాన్ని ఆపి, `Hue/Saturation` లో గాఢతను 60 దాకా పెంచాలి. మెడకూ గడ్డానికీ మధ్య రంగు గీత ఉంటే అప్పుడది అరిచినట్టు బయటపడుతుంది. రెండు పరీక్షలూ అయ్యాక ఆ లేయర్లను తీసెయ్యాలి. రాత్రి ఫొటోలో గరుకు ఎక్కువ కాబట్టి ముఖాన్ని కాస్త నునుపు చేసి, పూత వేసిన చోట్ల మాత్రం కొంచెం గరుకు తిరిగి కలపాలి.

ఆల్బమ్‌కు పంపే ముందు ఆ ముఖం, పక్కన ఇద్దరు ముగ్గురు వచ్చేలా ఒక చిన్న ప్రింట్ తీసి పగటి వెలుతురులో చూడటం మంచిది. మానిటర్ మీద కుదిరిన చెంప కాగితం మీద కాస్త గులాబీ తిరగడం మామూలే. లేయర్లన్నీ కలపకుండా ఫైలును పీఎస్‌డీగా దాచుకుని ఉంటే అప్పుడు ఆ ఊదా చెంప కోసం వేసిన రెండో `Curves` ను తెరిచి ఆకుపచ్చను మూడు నాలుగు అంకెలు పెంచితే సరిపోతుంది, మిగతా ముఖాన్ని ముట్టుకోనక్కర్లేదు.