వినే జోకుకి కామాలుండవు

1948 మార్చి 28న అమెరికాలో జాక్ బెన్నీ రేడియో కార్యక్రమంలో ఒక చిన్న సన్నివేశం వచ్చింది. రాత్రిపూట దొంగ అడ్డగించి, డబ్బా ప్రాణమా తేల్చుకోమంటాడు. బెన్నీ నోరు మెదపడు. స్టూడియోలో జనం నవ్వడం మొదలుపెడతారు. దొంగ విసుక్కుని మళ్లీ అడిగితే, ఆలోచిస్తున్నానంటూ బెన్నీ కసురుకుంటాడు. ఆయన వేసే పాత్ర పరమ పిసినారిదని శ్రోతలకు ఏళ్లుగా తెలుసు. అందుకే జవాబు రాకముందే నవ్వొచ్చింది. ఆయన మాట్లాడని ఆ కాసేపట్లో ఏం ఆలోచిస్తున్నాడో శ్రోతలే ఊహించుకున్నారు.

రేడియో నాటికైనా, పాడ్‌కాస్ట్ అయినా, స్టేజీ మీద స్కిట్ అయినా, వినేవాడికి కామా కనబడదు, ఆశ్చర్యార్థకమూ కనబడదు. ఆ పని విరామం, ఒత్తి పలకడం చెయ్యాలి. తెలుగులో దీనికి తోడు ఇంకో చిక్కుంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది, మామూలుగా చెప్పే మాటలో గొంతు కూడా అక్కడికొచ్చేసరికి దిగిపోతుంది. పైగా ఎవరో అన్న మాట చెప్పాలంటే చివర ‘అన్నాడు’, ‘అంటోంది’ తగిలిస్తాం. పేలాల్సిన మాట ముందే అయిపోయి, దాని వెనక పనిలేని తోక మిగులుతుంది. నవ్వబోయినవాడు ఆ తోక వినడానికి ఆగిపోతాడు.

ఒక ఉదాహరణ చూద్దాం. కాగితం మీద ఇలా రాశామనుకోండి: ‘రెండ్రోజులుండి వెళ్తానని వచ్చిన మా బావమరిది నిన్న మీసేవకి వెళ్లి ఆధార్‌లో మా ఇంటి అడ్రసు పెట్టించుకొచ్చాడని మా ఆవిడ చెప్పింది.’ కంటితో చదివితే ఫరవాలేదు. చెవికి మాత్రం ఇది పొడుగాటి సమాచారం. ఊపిరి పీల్చుకునే చోటు లేదు, చివర వినబడేది బావమరిది ఘనకార్యం కాదు, ఆవిడ చెప్పిందన్న సంగతి.

చెప్పడానికి రాస్తే అదే జోకు ఇలా మారుతుంది. ఒక గీత చిన్న విరామం, రెండు గీతలు పెద్ద విరామం:

‘మా బావమరిది వచ్చాడు. / రెండే రెండ్రోజులుంటానన్నాడు. / నిన్న మీసేవకి వెళ్లాడు. // ఆధార్‌లో అడ్రసు మార్పించుకొచ్చాడు.’

ఆవిడ చెప్పిందన్న తోక పోయింది. ఒక్క వాక్యం నాలుగైంది. ‘రెండే రెండు’ అన్నచోట ఒత్తాలి, ఎందుకంటే చివరి మాట బద్దలుకొట్టేది ఆ మాటనే. ఏకారం చేర్చి, మాటను రెండుసార్లు అనడం వల్ల రాతలోనే ఆ ఒత్తు దొరికింది. నటుడు వేరే కష్టపడక్కర్లేదు. పెద్ద విరామం మీసేవ తర్వాత పెట్టాం. ‘వీడికి అక్కడేం పని?’ అని శ్రోత అనుకునేంత సమయం చాలు, అంటే సుమారు ఒక సెకను. అదే విరామాన్ని ‘ఆధార్‌లో’ తర్వాత పెడితే చురుకైన శ్రోత మిగతాది ముందే ఊహించేస్తాడు. చివరి వాక్యంలో ‘అడ్రసు’ని ఒత్తాలి. ‘ఆధార్’ని ఒత్తితే జోకు ప్రభుత్వ కార్డు మీదకి మళ్లుతుంది.

దీని వెనక ఇంకో మాట వెయ్యొచ్చు: ‘కరెంటు బిల్లు మాత్రం నా పేరు మీదే ఉంచాడు.’ దీన్నెప్పుడు అనాలి? ఎదురుగా జనం ఉంటే నవ్వు ఎగసి, దిగడం మొదలైనప్పుడు. ఎగసేటప్పుడు అంటే మాట నవ్వులో మునిగిపోతుంది. పూర్తిగా చల్లారేదాకా ఆగితే మళ్లీ మొదట్నుంచి వేడెక్కించాలి. అందుకే నవ్వు వస్తుందనుకున్న చోటు తర్వాత, కథ నడవడానికి తప్పనిసరైన సమాచారం పెట్టకూడదు.

జనం లేని రికార్డింగులో నవ్వు కోసం అంతసేపు ఆగితే పాట్లు తప్పవు. రేడియోలో మూడు నాలుగు సెకన్ల నిశ్శబ్దం వినబడితే ప్రసారం ఆగిపోయిందేమో అనుకుంటారు. ఇంట్లో ఒంటరిగా వినేవాడు పైకి నవ్వకపోవచ్చు కూడా. అక్కడ ఒక ఊపిరి తీసుకునేంత ఖాళీ చాలు. ఎడిటింగులో ఇంకో ప్రమాదం ఉంది. ఆడాసిటీలో Truncate Silence వాడితే, నటుడు కావాలని ఉంచిన విరామం కూడా కుంచించుకుపోవచ్చు. ముందు వాక్యం, పేలాల్సిన వాక్యం అంటుకుపోయి జోకు సాదా వార్తలా వినబడుతుంది. అలాంటి చోట్లను ముందే గుర్తుపెట్టుకుని, చేత్తో కత్తిరించడమే మేలు.

రాసింది పనిచేస్తుందో లేదో తేల్చడానికి, స్క్రిప్టు చూడని మనిషికి ఒకసారి గట్టిగా చదివి వినిపిస్తే చాలు. చివరి మాట రాకముందే నవ్వితే విరామం ఎక్కువైంది, లేదా తప్పుచోట పడింది. ‘ఏంటీ?’ అని అడిగితే అసలు మాట గొంతు దిగినచోట మునిగింది. అంతా విని, కాసేపాగి, మర్యాదకి నవ్వితే చివర ఇంకా తోక ఉన్నట్టే. ముందు దాన్ని కొట్టెయ్యండి, విరామం సంగతి తర్వాత చూడొచ్చు.