ఫిరౌన్ చెప్పిన మాట

నేనే మీ మహోన్నత ప్రభువును అని ఫిరౌన్ తన ప్రజలతో అన్నట్టు ఖురాన్‌లో ఉంది. ప్రవక్త మూసా కథ విన్న ప్రతి ముస్లింకూ ఇది అహంకారానికి పరాకాష్ఠ. అయితే 1229లో డమాస్కస్‌లో ఒక వృద్ధ సూఫీ, ఆ మాటలోనూ ఒక సత్యం ఉందని రాశాడు. పలికిన రూపం ఫిరౌన్‌దే అయినా, ఆ రూపం వెనుక ఉన్న అస్తిత్వం దేవుడిదే గదా అన్నది ఆయన వాదం. ఆ సూఫీ ఇబ్న్ అరబీ, ఆ పుస్తకం ‘ఫుసూసుల్ హికమ్’. దానిపై మొదలైన వాదన ఇప్పటికీ ఆగలేదు.

స్పెయిన్‌లోని ముర్సియాలో 1165లో పుట్టిన ఇబ్న్ అరబీ చెప్పినదాని సారం ఇది. నిజంగా ఉన్నవాడు దేవుడొక్కడే. మనకూ చెట్టుకూ పుట్టకూ సొంత ఉనికి లేదు, ఉన్నట్టు కనిపించేదంతా ఆయన ఉనికి రకరకాలుగా వెల్లడి కావడమే. అలాగని రాయే దేవుడని ఆయన అనలేదు. దేవుడు సృష్టికి పూర్తిగా అతీతుడంటే సగం సత్యం, సృష్టిలో ఉన్నాడంటే మిగతా సగం, రెండూ కలిపి పట్టుకోవాలన్నాడు. ఇది చదవగానే మనకు అద్వైతం గుర్తొస్తుంది. కానీ ఇబ్న్ అరబీ లోకాన్ని మిథ్యగా కొట్టిపారేయలేదు. ఆయన దృష్టిలో లోకం దేవుడు తన్ను తాను చూపుకునే చోటు. నమాజు, ఉపవాసం వంటి విధుల్లో దేన్నీ ఆయన సడలించలేదు కూడా. ‘వహ్దతుల్ వుజూద్’ అనే పేరు ఈ సిద్ధాంతానికి స్థిరపడింది ఆయన తరవాతే. దాన్ని ఆ పేరుతో ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ఆయన బద్ధవిరోధి ఇబ్న్ తైమియా ముఖ్యుడు.

ఇబ్న్ తైమియాను సూఫీలంటేనే గిట్టని మనిషిగా చిత్రించడం అన్యాయం. జునైద్ బగ్దాదీ, అబ్దుల్ ఖాదిర్ జీలానీ వంటి సూఫీలను ఆయన గౌరవించాడు. మొదట్లో ఇబ్న్ అరబీ మరో గ్రంథం ‘ఫుతూహాత్’ను కూడా మెచ్చుకున్నాననీ, ‘ఫుసూస్’ చదివాకే అసలు ఉద్దేశం తెలిసిందనీ కైరోలోని ఒక సూఫీ గురువుకు రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. ఆయన్ను కలవరపెట్టిన ప్రశ్న ఒక్కటే. ఆజ్ఞాపించేవాడూ ఆజ్ఞ పాటించేవాడూ ఒకే అస్తిత్వమైతే, ధర్మశాస్త్రం ఎవరికోసం? ఫిరౌన్ మాటా నిజమే, మూసా మాటా నిజమే అయితే మూసాను పంపడమెందుకు?

నా దృష్టిలో ఇది మొండి ప్రశ్న కాదు. ఫిఖ్‌హ్ పండితుడి పనంతా ఇది ధర్మం, ఇది పాపం, దీనికి బాధ్యుడు ఇతను అని తేల్చడంలోనే ఉంది. దానికి చేసేవాడు వేరుగా ఉండాలి.

‘ఫుసూస్’ అక్కడితో ఆగలేదు. సముద్రంలో మునిగిపోతూ ఫిరౌన్ విశ్వాసం ప్రకటించాడు. మరణం ముంచుకొచ్చాక చేసే పశ్చాత్తాపం చెల్లదన్న ఖురాన్ వాక్యాన్ని చూపి, ఎక్కువమంది పండితులు దాన్ని తోసిపుచ్చారు. ఇబ్న్ అరబీ మాత్రం, ఇస్రాయీలీయులు దాటిన దారిని కళ్లారా చూసిన ఫిరౌన్‌కు తానూ బతుకుతానన్న ఆశ ఉందనీ, కాబట్టి ఆ విశ్వాసం చావుభయంతో పుట్టింది కాదనీ, అతను పాపం కడుక్కుని పోయాడనీ రాశాడు. అదే రచయిత ‘ఫుతూహాత్’లో ఫిరౌన్‌ను నరకవాసుల్లో చేర్చాడు! ఈ ఒక్క అంశంపైనే తరవాతి శతాబ్దాల్లో దవ్వానీ సమర్థనగా, అలీ అల్ ఖారీ ఖండనగా పుస్తకాలు రాశారు.

పండితులంతా ఒకవైపు, సూఫీలంతా మరోవైపు నిలిచారనుకుంటే పొరపాటే. పదిహేనో శతాబ్దపు కైరోలో బిఖాయీ అనే పండితుడు ఇబ్న్ అరబీని అవిశ్వాసిగా తేలుస్తూ పుస్తకం రాస్తే, మరో పండితుడు సుయూతీ అడ్డుకున్నాడు. ఇబ్న్ అరబీ వలీయే, కానీ ఆయన పుస్తకాలు చదవడం నిషిద్ధం అన్నది సుయూతీ తీర్పు. పరిభాష తెలియని పాఠకుడు దారితప్పుతాడన్న భయం అందులో ఉంది. మరోపక్క కలబురగిలో దర్గా ఉన్న బందే నవాజ్ గేసూదరాజ్ స్వయంగా సూఫీ అయ్యుండీ ఇబ్న్ అరబీని విమర్శించాడు. 1516లో డమాస్కస్‌ను గెలిచిన ఒట్టోమాన్ సుల్తాన్ సలీమ్ మాత్రం ఆయన సమాధి దగ్గర మసీదు కట్టించాడు.

భారతదేశంలో ఈ వాదం కొత్త మలుపు తిరిగింది. నక్ష్‌బందీ సూఫీ షేక్ అహ్మద్ సర్హిందీ (1564–1624) సాధకుడి అనుభవాన్ని కాదనలేదు, దాని అర్థాన్ని మార్చాడు. సూర్యుడు వచ్చాక నక్షత్రాలు కనిపించవు, అలాగని అవి లేకుండా పోలేదు. సాధకుడికి దేవుడు తప్ప మరేదీ కనబడకపోవడం చూపులోని ఏకత్వమే, ఉనికిలోని ఏకత్వం కాదు. దీంతో అనుభవమూ నిలిచింది, ధర్మశాస్త్రమూ నిలిచింది. దీనికి ‘వహ్దతుష్ షుహూద్’ అని పేరు.

పద్దెనిమిదో శతాబ్దంలో ఢిల్లీ పండితుడు షా వలీయుల్లా రెండింటి మధ్య తేడా ప్రధానంగా చెప్పే తీరులోనే ఉందని సర్దిచెప్పబోయాడు. దాన్నీ ఖండిస్తూ గులాం యహ్యా అనే పండితుడు పుస్తకం రాశాడు. దానికి జవాబుగా వలీయుల్లా కుమారుడు షా రఫీయుద్దీన్ మరో పుస్తకం రాశాడు.